శిబిరం ఫీజు మూడు వాయిదాల్లో: ఎప్పుడు కట్టాలి, ఆలస్యమైతే ఏమవుతుంది?

జనవరి 21 నుంచి 25 వరకు జరిగే ప్రకృతి వ్యవసాయ శిబిరం గురించి వీడియోలో చెప్పాం కదా. భోజనం, వసతితో కలిపి ఫీజు 6,000 రూపాయలు. "ఒక్కసారే అంత కట్టలేమండీ" అని చాలామంది ఫోన్ చేశారు. అందుకే ఈసారి మూడు వాయిదాలు పెట్టాం.

పేరు రాయించుకునేటప్పుడు 1,500. డిసెంబర్ 5కి 2,500. జనవరి 5కి మిగతా 2,000. ఖరీఫ్ వడ్లు అమ్ముడుపోయే రోజులు చూసుకునే రెండో వాయిదా డిసెంబర్‌లో పెట్టాం. జనవరి 5 దాటితే మాత్రం మాకు కష్టం. దేశీ బియ్యం, గానుగ నూనె తోటి రైతుల దగ్గర ముందే చెప్పుకోవాలి, చెప్పాక వద్దనలేం.

గడువుకు వారం ముందు ఒక వాట్సాప్ మెసేజ్ వస్తుంది, ముందు రోజు ఇంకొకటి. గడువు దాటిన రెండో రోజు మా మనిషే ఫోన్ చేస్తాడు. అది అప్పు వసూలు ఫోన్ కాదు, ఇబ్బందేమిటో కనుక్కోవడానికే.

పోయినసారి గోదావరి జిల్లా రైతు ఒకాయనకి ఇలాగే జరిగింది. వానకి వడ్లు తడిశాయి. తేమ 17 శాతం లోపు ఉంటేనే కొనుగోలు కేంద్రంలో తీసుకుంటారు, ఆయనవి ఆరడానికే వారం పట్టింది. గడువుకి ముందే ఫోన్ చేసి చెప్పాడు కాబట్టి డిసెంబర్ 15కి మార్చాం. కట్టాడు, వచ్చాడు. అదే సమయంలో ఇంకొకాయన ఫోన్ ఎత్తలేదు, ఆయన సీటు వేరేవాళ్లకి వెళ్లిపోయింది.

చెప్పకుండా ఆగిపోతే రెండో వాయిదాకి ఐదు రోజులు, మూడోదానికి మూడు రోజులు చూస్తాం. ఆ తర్వాత సీటు వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకి ఇస్తాం. రెండో వాయిదా దగ్గర ఆగితే కట్టిన 1,500లో 500 ఉంచుకుని 1,000 వెనక్కి వేస్తాం. మూడోదాని దగ్గర ఆగితే కట్టిన 4,000లో సరుకుల ఖర్చు కింద 1,500 పోతుంది, 2,500 తిరిగి వస్తుంది. అది కూడా పోకూడదనుకుంటే జనవరి 8 లోపు చెప్పండి, మొత్తం 4,000 వచ్చే శిబిరానికి జమ చేస్తాం. మీ బదులు ఇంట్లోవాళ్లు మిగతా 2,000 కట్టి వచ్చినా సరే.

ఎక్కువ గొడవ వచ్చేది ఇంకోచోట. అబ్బాయి ఫోన్ నుంచి డబ్బు పంపుతారు, మా దగ్గర మీ పేరు మీద జమ పడదు, కట్టినా మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. పంపగానే స్క్రీన్‌షాట్ పెట్టి, శిబిరానికి రాయించుకున్న పేరు కింద రాయండి. అందులో 12 అంకెల యూపీఐ నంబర్ కనబడితే చాలు, మేం సరిచూసుకుంటాం.

ఇంకోమాట. డబ్బు తిరిగి వేసేటప్పుడు మేం పిన్ అడగం, ఏ లింకూ నొక్కమనం. అలా అడిగితే అది మేం కాదు, ఫోన్ పెట్టేసి వీడియోలో ఉన్న నంబర్‌కి చేయండి.