తెర మీద తాడు రబ్బరులా ఎందుకు సాగుతుంది?

కంప్యూటర్ తెర మీద వేలాడే తాడు నిజానికి కొన్ని చుక్కల వరుస. పక్కపక్క చుక్కల మధ్య దూరం ఇంతే ఉండాలన్న నియమం ఒక్కటే వాటిని తాడుగా నిలబెడుతుంది. ఆ నియమాన్ని స్ప్రింగుల బలాలతో అమలు చేయడం ఒక పద్ధతి. అయితే సాగని తాడు కావాలంటే స్ప్రింగు చాలా గట్టిగా ఉండాలి. అంత గట్టి స్ప్రింగు ఒక్కో అడుగులో అవసరానికి మించి లాగేస్తుంది, చుక్కలు తెర దాటి ఎగిరిపోతాయి. అందుకే చిన్న ఫిజిక్స్ ఆటబొమ్మలు చాలావరకు మరో దారి పడతాయి. అవి బలం లెక్క వదిలేసి, చుక్కలను ఉండాల్సిన చోటికే నేరుగా జరుపుతాయి.

ఈ దారికి పునాది అణువుల కదలికలను లెక్కించడానికి లూ వెర్లే 1967లో వాడిన సూత్రం. హిట్‌మ్యాన్ ఆటలో శరీరాలు కూలిపడే తీరుకు తాను వాడిన పద్ధతిని థామస్ జాకబ్సన్ 2001లో వివరించాక ఇది ఆటల ప్రపంచంలో బాగా పాకింది. ఇందులో వేగాన్ని విడిగా దాచుకోరు. చుక్క ఇప్పుడున్న చోటు, కిందటి అడుగులో ఉన్న చోటు తెలిస్తే చాలు, ఆ తేడాయే వేగం.

```
vx = x - px;  vy = y - py
px = x;  py = y
x = x + vx
y = y + vy + g*dt*dt
```

దీనివల్ల పెద్ద సౌలభ్యం ఉంది. నియమం కోసం చుక్కను కాస్త జరిపితే దాని వేగం కూడా తనంతట తానే సర్దుకుంటుంది. వేగాన్ని మళ్లీ దిద్దాల్సిన పని ఉండదు.

ఇక దిద్దుబాటు సంగతి. అ, ఆ, ఇ అనే మూడు చుక్కలు నిలువుగా వేలాడుతున్నాయనుకుందాం. అ మేకుకు కట్టి ఉంది, కదలదు. ఒక్కో లంకె పొడవు 10. మేకు నుంచి కొలిస్తే ఆ 10 దగ్గర, ఇ 20 దగ్గర ఉండాలి. కానీ ఇ 24కు జారింది. కింది లంకె పొడవు 14 అయింది, అంటే 4 ఎక్కువ. ఆ ఎక్కువను చెరిసగం పంచితే ఆ 12కు, ఇ 22కు వస్తాయి. కింది లంకె సరిపోయింది గానీ ఇప్పుడు పై లంకె 12 అయింది! మేకు కదలదు కాబట్టి ఆ తిరిగి 10కి వెళ్లాలి. అప్పుడు కింది లంకె మళ్లీ 2 ఎక్కువవుతుంది. ఇలా తిప్పుతూ పోతే తప్పు 4, 2, 1, అర చొప్పున తగ్గుతుంది. ఒక నియమాన్ని సరిచేస్తే పక్కది చెడుతుంది, అయినా ప్రతి చుట్టుకూ మొత్తం తప్పు తరుగుతుంది. ఈ పద్ధతి ప్రాణమంతా ఇక్కడే ఉంది.

తాడు సాగేదీ ఇక్కడే. ఇ మిగతావాటికి 9 రెట్లు బరువైన ఇనుప గుండు అనుకుందాం. దిద్దుబాటును బరువుకు విలోమంగా పంచాలి కాబట్టి గుండు తన వంతుగా పదో భాగమే జరుగుతుంది. తప్పు 4 నుంచి 3.6కు, తర్వాత 3.24కు దిగుతుంది. 10 చుట్ల తర్వాత కూడా దాదాపు 1.4 మిగులుతుంది. రెండు చుక్కల బరువూ సమానమైతే అన్నే చుట్లలో అది 0.004కు చేరేది. లంకెలు పదుల్లో ఉంటే పరిస్థితి ఇంకా కష్టం. మేకు దగ్గర మొదలుపెట్టి కిందికి దిద్దుకుంటూ పోతే, చివర పడ్డ లాగు చుట్టుకు ఒక్క లంకె చొప్పునే పైకి ఎక్కుతుంది. అందుకే బరువు కట్టిన పొడవాటి గొలుసు రబ్బరు పట్టీలా కనిపిస్తుంది.

తాడుకూ గొలుసుకూ బట్టకూ తేడా నియమాల అమరికలోనే. గొలుసు లంకెను గట్టి కడ్డీగా తీసుకుంటే పొడవు పెరిగినా తగ్గినా దిద్దాలి. తాడును పెరిగినప్పుడే దిద్దాలి, తగ్గితే వదిలేయాలి, అప్పుడే అది వదులుగా వంగుతుంది. బట్ట అంటే గళ్లలా పేర్చిన చుక్కలు. అడ్డ, నిలువు నియమాలే పెడితే ఒక్కో గడి పక్కకు వాలి నలిగిపోతుంది, కర్ణాల మీద కూడా నియమాలు పెడితే నిలుస్తుంది. చిరగడం మరీ తేలిక, హద్దు మించి సాగిన నియమాన్ని జాబితాలోంచి తీసేస్తే చాలు. ఒకటి పోగానే దాని భారం పక్క నియమాల మీద పడి అవీ తెగుతాయి, చిరుగు దానంతటదే పాకుతుంది.

ఈ పద్ధతిలో ఒక అసలు లోపం ఉంది. తాడు ఎంత బిగువుగా ఉంటుందన్నది తాడు గుణం కాదు, చుట్ల సంఖ్యా అడుగు నిడివీ కలిసి తేల్చే విషయం. ఒకే తాడు వేగమైన కంప్యూటర్‌లో బిగువుగా, నెమ్మదైన దానిలో వదులుగా కనిపిస్తే, అడుగు నిడివి ఫ్రేమ్‌తో పాటు మారుతోందని అర్థం. మైల్స్ మాక్లిన్, మథియాస్ ముల్లర్ బృందం 2016లో ఈ లోపానికి మందు చూపించింది. సాగే గుణాన్ని ఒక విలువగా నియమంలోనే చేర్చి, అడుగు నిడివితో ముడిపెట్టి లెక్కించడమే ఆ మందు.

చిన్న ఆటబొమ్మ రాసేవారికి అంత లెక్క కూడా అక్కర్లేదు. అడుగు నిడివిని స్థిరంగా ఉంచండి. ఒక ఫ్రేమ్‌లో 10 చుట్లు తిప్పే బదులు ఫ్రేమ్‌ను 10 చిన్న అడుగులు చేసి, ఒక్కో అడుగులో ఒక్క చుట్టు తిప్పండి. అడుగు పదో వంతైతే గురుత్వాకర్షణ ఆ అడుగులో జరిపే దూరం నూరో వంతవుతుంది. దిద్దాల్సిన తప్పే తక్కువ కావడంతో, దాదాపు అంతే శ్రమకు గొలుసు చాలా బిగువుగా నిలుస్తుంది.