ప్రైవేటు కంపెనీ షేరుకు ధర కట్టేదెలా?

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ షేరు బహిరంగ మార్కెట్లో అమ్ముడుపోదు. అలాంటి కంపెనీ తన షేర్ల బదిలీపై ఆంక్షలు పెట్టుకోవాలని, సభ్యుల సంఖ్య సాధారణంగా 200 దాటకూడదని 2013 నాటి కంపెనీల చట్టం చెబుతుంది. రోజూ అమ్మకాలు, కొనుగోళ్లు ఉండవు కాబట్టి ఫలానాది ధర అని చూపే అంకె ఎక్కడా దొరకదు. భాగస్వామి ఒకరు తప్పుకుంటున్నా, అన్నదమ్ములు పంచుకుంటున్నా, బయటి వ్యక్తి కొనడానికి వచ్చినా ముందుగా షేరు విలువ లెక్కగట్టాల్సిందే.

ఈ లెక్కకు వాడుకలో మూడు దారులున్నాయి. కంపెనీకి ఏమేం ఉన్నాయో చూసేది నికర ఆస్తుల పద్ధతి. కంపెనీ ఎంత సంపాదిస్తుందో చూసేది రాబడి పద్ధతి. ఆ రెంటి సగటు తీసేది సముచిత విలువ పద్ధతి. ఒకే కంపెనీకి ఈ మూడూ మూడు వేర్వేరు అంకెలు ఇస్తాయి. ఆ తేడా ఎందుకు వచ్చిందో తేలిస్తేనే ధరపై బేరానికి కూర్చోగలం.

ఉదాహరణకు గోదావరి డెల్టాలో ఒక కుటుంబం నడిపే రైస్ మిల్లు కంపెనీని ఊహించుకుందాం. దాని ఈక్విటీ మూలధనం రూ.50 లక్షలు. ఒక్కొక్కటి రూ.100 ముఖ విలువతో 50,000 షేర్లు. లెక్కలు 2025 మార్చి 31 నాటివి.

నికర ఆస్తుల లెక్క

ఈ పద్ధతిలో కంపెనీ ఆస్తులన్నిటికీ నేటి విలువ కట్టి, బయటివాళ్లకు చెల్లించాల్సిన అప్పులన్నీ తీసేసి, మిగిలినదాన్ని షేర్ల సంఖ్యతో భాగిస్తారు. ప్రిఫరెన్స్ షేర్లుంటే వాటి మూలధనాన్ని కూడా ముందే తీసేయాలి.

బ్యాలెన్స్ షీట్‌లోని అంకెలను ఉన్నవున్నట్టు తీసుకుంటే తప్పుడు జవాబు వస్తుంది. ఎప్పుడో కొన్న భూమి ఆనాటి ధరకే పుస్తకాల్లో ఉంటుంది. ఇక రావని తెలిసిన బాకీలు కూడా ఆస్తుల వైపే కనిపిస్తాయి. అందుకే ఒక్కో పద్దునూ విడిగా చూడాలి. మన మిల్లు ఆస్తులు ఇలా ఉన్నాయనుకుందాం (రూ. లక్షల్లో):

| ఆస్తి | పుస్తక విలువ | నేటి విలువ |
|---|---|---|
| భూమి | 12 | 132 |
| భవనాలు, యంత్రాలు | 98 | 90 |
| ధాన్యం, బియ్యం నిల్వ | 140 | 136 |
| రావలసిన బాకీలు | 75 | 68 |
| నగదు, బ్యాంకు నిల్వ | 15 | 15 |
| వాయిదా వేసిన ఖర్చులు | 5 | 0 |
| మొత్తం | 345 | 441 |

నిల్వలో రూ.4 లక్షలు తగ్గడానికి కారణం తేమకు రంగు మారిన బియ్యం. బాకీల్లో రూ.7 లక్షలు పాతబడి, వసూలయ్యే ఆశ లేనివి. చివరి వరుసలో ఉన్నది అసలు ఆస్తే కాదు. ఎప్పుడో పెట్టిన ఖర్చును ఏటా కొంత చొప్పున రాసుకుంటూ వస్తుండగా మిగిలిన అంకె అది. దాన్ని అమ్మితే పైసా రాదు కనుక సున్నా.

అప్పుల వైపు బ్యాంకు క్యాష్ క్రెడిట్ రూ.120 లక్షలు, సరుకు ఇచ్చినవారికి రూ.45 లక్షలు, పన్నులకు రూ.15 లక్షలు ఉన్నాయి. మొత్తం రూ.180 లక్షలు. ఇక్కడ పుస్తకాల్లో ఉన్నదాన్ని చూస్తే చాలదు, లేనిదాన్ని కూడా వెతకాలి. ఏళ్ల తరబడి పనిచేస్తున్న కార్మికులకు ఇవ్వాల్సిన గ్రాట్యుటీ రూ.11 లక్షలకు ఈ కంపెనీ ఎక్కడా కేటాయింపు చూపలేదు. దాన్ని కలిపితే అప్పులు రూ.191 లక్షలు అవుతాయి. కోర్టులో ఉన్న వివాదాలు, ఇతరుల రుణాలకు ఇచ్చిన హామీలు ఇలాగే పుస్తకాల బయట ఉండిపోతాయి. వాటిలో కట్టక తప్పదని తోచినవాటిని అప్పుగానే లెక్కించాలి.

రూ.441 లక్షల్లోంచి రూ.191 లక్షలు తీసేస్తే మిగిలేది రూ.250 లక్షలు. దాన్ని 50,000 షేర్లతో భాగిస్తే షేరుకు రూ.500. పుస్తక విలువ ప్రకారమైతే ఇది రూ.330 మాత్రమే. ఈ పెంపుకు ప్రధాన కారణం భూమి.

రాబడి లెక్క

నడుస్తున్న వ్యాపారంలో వాటా కొనేవాడు దాని గోడల కోసం కొనడు, ఏటా వచ్చే లాభం కోసం కొంటాడు. 1972లో మహాదేవ్ జలాన్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే దృష్టితో చూసింది. నడుస్తున్న కంపెనీకి సాధారణంగా రాబడే కొలమానమని, ఆస్తులను విడగొట్టి లెక్కించడం మూతపడే స్థితిలో ఉన్న కంపెనీ వంటి సందర్భాలకు తగినదని చెప్పింది.

ఇక్కడ తేల్చాల్సినవి రెండు. మొదటిది, ఇకమీదట ఏటా నిలకడగా రాగల లాభం ఎంత? మిల్లు పన్నుకు ముందు లాభాలు వరుసగా మూడేళ్లు రూ.41 లక్షలు, రూ.38 లక్షలు, రూ.55 లక్షలు. రెండో ఏడాది వరదలో ధాన్యం తడిసి రూ.6 లక్షల నష్టం వచ్చింది. అది ఏటా వచ్చేది కాదు కాబట్టి తిరిగి కలిపితే ఆ ఏడు రూ.44 లక్షలు. మూడో ఏడాది పాత లారీలు అమ్మగా రూ.8 లక్షల లాభం వచ్చింది. అదీ మళ్లీ రాదు కనుక తీసేస్తే రూ.47 లక్షలు. మూడేళ్ల సగటు రూ.44 లక్షలు.

కుటుంబ కంపెనీల్లో ఇంకో సవరణ తప్పనిసరి. ఇక్కడ పెద్దకొడుకు మేనేజింగ్ డైరెక్టరుగా ఏడాదికి రూ.4 లక్షలే తీసుకుంటున్నాడు. అదే పనికి బయటి మనిషిని పెడితే రూ.12 లక్షలు ఇవ్వాలి. ఆ తేడా రూ.8 లక్షలు వ్యాపారం సంపాదించినది కాదు, అతను వదులుకున్న జీతం. దాన్ని తీసేస్తే రూ.36 లక్షలు మిగులుతుంది. కంపెనీ 22 శాతం పన్ను విధానాన్ని ఎంచుకుని ఉంటే, సర్‌చార్జి, సెస్సులతో కలిపి దాదాపు 25.17 శాతం పన్ను పడుతుంది. అది పోగా చేతికి వచ్చేది సుమారు రూ.27 లక్షలు. రూ.50 లక్షల మూలధనంపై ఇది 54 శాతం.

రెండోది, ఇలాంటి వ్యాపారంలో డబ్బు పెట్టేవాడు సాధారణంగా ఎంత శాతం ఆశిస్తాడు? అదే రంగంలోని లిస్టెడ్ కంపెనీల షేరు ధరతో లాభాన్ని పోల్చి దీన్ని అంచనా వేస్తారు. ఆ కంపెనీలు 15 శాతం ఇస్తున్నాయనుకుంటే, కోరినప్పుడు అమ్ముకునే వీలులేని ఈ షేరుకు కొనేవాడు మరో 3 శాతం ఎక్కువ అడుగుతాడు. అంటే 18 శాతం.

షేరు విలువ = (54 ÷ 18) × 100 = రూ.300.

ఈ పద్ధతికి బలహీనత కూడా ఈ శాతంలోనే ఉంది. 18 బదులు 15 తీసుకుంటే విలువ రూ.360 అవుతుంది, 20 తీసుకుంటే రూ.270కి పడిపోతుంది. అందుకే అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఎక్కువగా వాదించుకునేది దీని మీదే. శాతం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పని నివేదికను నమ్మడానికి వీల్లేదు.

సముచిత విలువ

రూ.500, రూ.300ల సగటు రూ.400. ఇదే సముచిత విలువ. ఆస్తుల లెక్కలో రాబడి ఊసు లేదు, రాబడి లెక్కలో ఆస్తుల ఊసు లేదు. ఒకదాని లోటు మరొకటి పూడుస్తుందన్నది ఈ సగటు వెనకున్న ఆలోచన. 1992 వరకు కొత్త షేర్ల ధరలను అదుపు చేసిన కేంద్ర ప్రభుత్వ మూలధన జారీ నియంత్రణాధికారి మార్గదర్శకాల్లో కూడా ఈ తరహా సగటుకు చోటుంది.

రెండు విలువలూ దగ్గరగా ఉన్నప్పుడు సగటు తీయడం సబబే. ఇంత దూరంగా ఉన్నప్పుడు మాత్రం ముందు కారణం వెతకాలి. రూ.250 లక్షల ఆస్తిపై 18 శాతం చొప్పున రూ.45 లక్షలు రావాలి. మిల్లు సంపాదిస్తున్నది రూ.27 లక్షలే. అంటే ఆస్తిలో కొంత భాగం పనిచేయకుండా పడి ఉంది. ఇలాంటి కంపెనీకి గుడ్‌విల్ పేరుతో అదనంగా కలపడానికి ఏమీ ఉండదు. ఉన్న ఆస్తికి రావలసినదానికన్నా ఎక్కువ లాభం వస్తేనే గుడ్‌విల్ పుడుతుంది.

విచారిస్తే భూమిలో సగం మిల్లుకు అవసరం లేకుండా ఖాళీగా ఉందని తేలిందనుకుందాం. అప్పుడు సగటుకన్నా మంచి దారి ఉంది. మిల్లు వ్యాపారాన్ని రాబడి ప్రకారం రూ.150 లక్షలుగా, ఖాళీ భూమిని విడిగా రూ.66 లక్షలుగా లెక్కించి కలపాలి. మొత్తం రూ.216 లక్షలు, షేరుకు రూ.432. ఆ భూమిని నిజంగానే అమ్మితే కట్టాల్సిన పన్ను మేరకు ఇందులో కొంత తగ్గుతుంది.

ఎంత వాటా అమ్ముతున్నారు?

ఏ విలువకు ఎంత బరువివ్వాలో వాటా పరిమాణాన్ని బట్టి మారుతుంది. 60 శాతం కొనేవాడు బోర్డును తన చేతిలోకి తెచ్చుకుని, ఖాళీ భూమిని అమ్మించగలడు. అతనికి నికర ఆస్తుల విలువ నిజమైన విలువే. 5 శాతం కొనేవాడికి ఆ శక్తి లేదు. అతని చేతికి వచ్చేది డివిడెండ్ మాత్రమే. కంపెనీ షేరుకు ఏటా రూ.18 ఇస్తూ, అతను 10 శాతం ప్రతిఫలం కోరుకుంటే, షేరుకు రూ.180 మించి పెట్టడు. ఆర్టికల్స్‌లో ఉన్న సభ్యులకే ముందుగా అమ్మాలన్న షరతు, ధర ఆడిటరే నిర్ణయించాలన్న షరతు ఉండవచ్చు. లెక్క మొదలుపెట్టకముందే వాటిని చదవాలి.

పన్ను అధికారి లెక్క

ఇరుపక్షాలూ ఒప్పుకున్న ధరతో పని పూర్తికాదు. అన్‌లిస్టెడ్ ఈక్విటీ షేర్లకు ఆదాయపు పన్ను నిబంధనలు తమదైన సూత్రం ఇచ్చాయి. అది నికర ఆస్తుల పద్ధతికి దగ్గరగా ఉంటుంది. భూమి, భవనాలకు స్టాంపు డ్యూటీ విలువ, మిగతా ఆస్తుల్లో చాలావాటికి పుస్తక విలువ తీసుకుంటుంది. మన మిల్లు భూమి స్టాంపు విలువ రూ.92 లక్షలని, భవనాల స్టాంపు విలువ పుస్తక విలువకు సమానమని అనుకుందాం. అప్పుడు ఆస్తులు రూ.420 లక్షలు, పుస్తకాల్లోని అప్పులు రూ.180 లక్షలు, మిగిలేది రూ.240 లక్షలు. షేరుకు రూ.480.

షేరును రూ.400కే అమ్మినా, అమ్మినవాడి మూలధన లాభాన్ని రూ.480కి అమ్మినట్టుగానే లెక్కిస్తారు. కొన్నవాడికి తక్కువకు దక్కిన మొత్తం రూ.50,000 దాటితే ఆ తేడా అతని ఆదాయమవుతుంది. చట్టం చెప్పిన దగ్గరి బంధువు నుంచి కొంటే కొన్నవాడికి మినహాయింపు ఉంటుంది, అమ్మినవాడికి మాత్రం ఉండదు. అన్నదమ్ముల మధ్య బదిలీల్లో చాలామంది ఇక్కడే పొరబడతారు. ఈ లెక్కకు గడిచిన మార్చి నాటి బ్యాలెన్స్ షీట్ చాలదు, బదిలీ తేదీ నాటిది తయారుచేయించాలి. అమ్మకపు ఒప్పందంలో ధరతో పాటు విలువ కట్టిన తేదీ, వాడిన పద్ధతి, చేసిన సవరణలు రాసి పెట్టుకుంటే, తర్వాత ప్రశ్న ఎవరి నుంచి వచ్చినా జవాబు సిద్ధంగా ఉంటుంది.