ఒక వ్యాసం, 20 మార్కులు: దిద్దే కొలత ఎలా తయారవుతుంది?

“1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడటానికి పొట్టి శ్రీరాములు నిరాహార దీక్షే ప్రధాన కారణం. ఈ మాటతో మీరు ఎంతవరకు ఏకీభవిస్తారు?”

20 మార్కుల ప్రశ్న అనుకుందాం. ఒక అబ్బాయి దీక్ష మొదలైన నాటి నుంచి ఆఖరి రాత్రి వరకు నాలుగు పేజీల నిండా కళ్లకు కట్టినట్టు రాశాడు. ఒక అమ్మాయి రెండు పేజీల్లోనే వాదించి తేల్చింది. ఎవరికెన్ని మార్కులు? మనకు అలవాటైన పాయింట్ల ‘కీ’తో దిద్దితే అబ్బాయికే ఎక్కువ రావచ్చు. కానీ ప్రశ్న అడిగింది దీక్ష కథ కాదు, “ఎంతవరకు” అని. ఆ మాటకు మార్కులు పడేలా చూడటానికి ఇంగ్లండ్ ఎ-లెవల్ చరిత్ర పరీక్షల్లో ‘లెవల్స్’ పద్ధతి వాడతారు. కేంబ్రిడ్జ్ సిలబస్ చదివే మన పిల్లల వ్యాసాలకూ ఇలాంటి పద్ధతే ఉంటుంది. ఇందులో మార్కింగ్ స్కీమ్‌కు రెండు భాగాలు. జవాబులో ఏమేం రావచ్చో చెప్పేది ఇండికేటివ్ కంటెంట్. ఆ విషయంతో విద్యార్థి ఏం చేశాడో కొలిచేవి లెవల్ వర్ణనలు. మార్కులు వేసేది రెండోదాన్ని బట్టే.

ముందు మొదటి భాగం చూద్దాం. విషయాలను వరుసగా పేర్చుకుంటూ పోతే అది మళ్లీ ‘కీ’యే అవుతుంది. అందుకే స్కీమ్ రాసేవారు వాటిని ప్రశ్నకు రెండు వైపులా సర్దుతారు.

దీక్షే కారణమనే వైపు బలంగానే ఉంది. శ్రీరాములు 1952 అక్టోబరు 19న మద్రాసులో దీక్షకు కూర్చుని డిసెంబరు 15న ప్రాణాలు విడిచారు. వెంటనే ఆంధ్ర జిల్లాలు అట్టుడికాయి, పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. డిసెంబరు 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు చేస్తామని ప్రకటించారు. అంతకుముందు ఏళ్ల తరబడి తేలని విషయం నాలుగు రోజుల్లో తేలింది.

రెండో వైపు ఇంకా ఆసక్తికరం. 1913 బాపట్ల ఆంధ్ర మహాసభ నాటికే ఈ కోరిక ఉంది. 1937 శ్రీబాగ్ ఒడంబడికతో రాయలసీమ నాయకుల అనుమానాలకు కొంత సమాధానం దొరికింది. నెహ్రూ, పటేల్, పట్టాభి సీతారామయ్యలతో వేసిన జేవీపీ కమిటీ, మద్రాసు నగరం మీద హక్కు వదులుకుంటే ఆంధ్ర సంగతి ఆలోచించవచ్చని 1949లోనే చెప్పింది. 1951లో స్వామి సీతారాం కూడా దీక్ష చేశారు; రాష్ట్రం మాత్రం రాలేదు. ఆ తర్వాతి సార్వత్రిక ఎన్నికల్లో మద్రాసు శాసనసభలో కాంగ్రెస్‌కు మెజారిటీ రాలేదు, ఆంధ్ర జిల్లాల్లో కమ్యూనిస్టులు పుంజుకున్నారు.

ఈ పట్టిక కింద ఒక వాక్యం తప్పనిసరిగా ఉండాలి: “ఇవన్నీ రాయనవసరం లేదు, ఇందులో లేనిది సరైనదైతే దానికీ విలువ ఇవ్వాలి.” ఈ వాక్యం లేకపోతే దిద్దేవారు పెన్ను పట్టుకుని టిక్కులు పెట్టుకుంటూ పోతారు.

అసలు కష్టం లెవల్స్ రాయడంలో ఉంది. “బాగుంది, చాలా బాగుంది, అద్భుతం” అని మెట్లు కడితే ఎవరి అద్భుతం వారిది. “రెండు కారణాలు రాస్తే మూడో లెవల్” అన్నా లాభం లేదు, లెక్క దొడ్డిదారిన మళ్లీ వచ్చినట్టే. ప్రతి మెట్టూ విద్యార్థి చేసిన పనిని చెప్పాలి. మన ప్రశ్నకు ఇలా రాసుకోవచ్చు:

లెవల్ 1 (1–5): విషయానికి సంబంధించిన విడివిడి సంగతులు, ప్రశ్నతో ముడి లేదు.

లెవల్ 2 (6–10): సంఘటనల కథనం సరిగానే ఉంది. కారణాల పేర్లు చెప్పినా, అవి రాష్ట్ర ఏర్పాటుకు ఎలా దారితీశాయో వివరించలేదు.

లెవల్ 3 (11–15): దీక్షనూ ఇతర కారణాలనూ వివరించాడు. ఏది ప్రధానమో చివర్లో చెప్పాడు కానీ, ఎందుకో నిరూపించలేదు.

లెవల్ 4 (16–20): కారణాలను ఒకదానితో ఒకటి పోల్చి తూచాడు. వ్యాసమంతా ఒక తీర్పు వైపు నడిచింది. ఆ తీర్పుకు ఆధారం చూపాడు.

ఇప్పుడు అబ్బాయి రాసిన వాక్యాలు చూడండి: “58 రోజులు అన్నం ముట్టకుండా శ్రీరాములు ప్రాణత్యాగం చేశారు. అల్లర్లు చెలరేగాయి. నెహ్రూ రాష్ట్రం ప్రకటించారు.” ఒక్క తప్పు లేదు. కానీ అల్లర్లకు ఢిల్లీ ఎందుకు లొంగిందో లేదు. నాలుగు పేజీలూ ఇలాగే ఉంటే లెవల్ 2 దాటదు.

అమ్మాయి ఇలా రాసింది: “1951లో సీతారాం దీక్ష చేస్తే రాష్ట్రం రాలేదు, 1952లో శ్రీరాములు చేస్తే వచ్చింది. మధ్యలో ఎన్నికలు జరిగాయి. పైగా శ్రీరాములు మద్రాసుతో కూడిన రాష్ట్రం అడిగారు, వచ్చింది మద్రాసు లేకుండా. అంటే దీక్ష, ఆయన మరణం ఎప్పుడన్నది తేల్చాయి. ఏ షరతు మీదన్నది 1949లోనే తేలింది.” రెండు దీక్షలను పక్కపక్కన పెట్టడం, అడిగిందీ వచ్చిందీ సరిపోల్చడం, ‘ఎప్పుడు’ని ‘ఏ షరతు మీద’ నుంచి విడదీయడం: తూచడం అంటే ఇదే. ఇది లెవల్ 4. సీతారాం దీక్ష ప్రాణం పోయేదాకా సాగలేదు కదా, ఆ తేడాను ఆమె పట్టించుకోలేదు. అందుకని లెవల్ తగ్గదు, ఆ లెవల్లో 20 బదులు 17 వస్తుంది. పద్ధతి అదే: ముందు మొత్తం వ్యాసానికి ఎక్కువగా సరిపోయే లెవల్ ఎంచుకోవాలి, ఆ తర్వాతే అందులో పైకా కిందికా అని చూడాలి.

తప్పులను ఏం చేయాలో కూడా స్కీమ్‌లో రాసి ఉంచాలి. దీక్ష మొదలైన తేదీ ఒక రోజు అటూ ఇటూ రాస్తే వాదన చెడదు. కానీ “హైదరాబాద్‌ను కలుపుకోవడానికే 1953లో ఒప్పుకున్నారు” అని రాస్తే దాని మీద కట్టిన పేరా కూలిపోతుంది. ఎందుకంటే 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడిన రాష్ట్రంలో తెలంగాణ లేదు, కలిసింది 1956 నవంబరు 1న. వాదనకు ఆధారమైన తప్పుకే మార్కు పోవాలి, అదీ ఒక్కసారే.

స్కీమ్ పూర్తయిందని దాని ముఖం చూసి చెప్పలేం. పిల్లలు నిజంగా రాసిన కొన్ని జవాబులు తీసుకుని, ఒకరి మార్కులు మరొకరికి కనబడకుండా ఇద్దరు ముగ్గురితో దిద్దించాలి. ఒకే లెవల్లో ఒకటి రెండు మార్కుల తేడా వస్తే ఫర్వాలేదు. లెవల్సే వేరైతే దిద్దినవారిని తప్పుపట్టే ముందు వర్ణనను చూడాలి. చాలాసార్లు గొడవ రెండో లెవల్‌కూ మూడో లెవల్‌కూ మధ్యే వస్తుంది: ‘వివరించడం’ ఎక్కడ మొదలవుతుందని. “ఎన్నికల్లో కాంగ్రెస్ దెబ్బతింది” అన్నది పేరు చెప్పడమే. “కమ్యూనిస్టులు ఈ కోరికను తమ చేతిలోకి తీసుకుంటారన్న భయం కాంగ్రెస్‌కు పట్టుకుంది” అని దాన్ని ఫలితం వైపు నడిపిస్తే వివరణ. ఇలాంటి జంట వాక్యాలను వర్ణన పక్కనే అచ్చు వేసి, మళ్లీ దిద్దించి చూడాలి. ప్రతి జవాబుకూ దిద్దినవారందరూ ఒకే లెవల్ ఎంచుకున్నప్పుడే ఆ స్కీమ్ పరీక్షకు పనికొస్తుంది.