నవ్వు మొహానికి ఎన్ని మార్కులు?

విమానాశ్రయంలో మరుగుదొడ్డి నుంచి బయటికొస్తుంటే గుమ్మం పక్కన ఒక స్టాండు, దాని మీద వరసగా నాలుగు బొత్తాలు కనిపిస్తుంటాయి. ముదురు ఆకుపచ్చలో పెద్ద నవ్వు, లేత ఆకుపచ్చలో చిరునవ్వు, లేత ఎరుపులో దిగులు మొహం, ముదురు ఎరుపులో బాగా చిరాకు పడ్డ మొహం. ఈ తరహా యంత్రాలకు ప్రపంచమంతా గిరాకీ తెచ్చింది ఫిన్లాండ్‌లో 2009లో మొదలైన హ్యాపీఆర్‌నాట్ అనే సంస్థ. ఇక్కడ పేరు అడగరు, ఫోన్ నంబరు అడగరు, చదువు రాకపోయినా ఇబ్బంది లేదు. నడుస్తూనే ఒక నొక్కు నొక్కి వెళ్ళిపోవచ్చు. ఇంత సులువు కాబట్టే, కాగితం ఫారం ముట్టుకోనివాళ్ళు కూడా దీన్ని నొక్కుతారు.

ఆ నొక్కుల్ని లెక్కగట్టి 'మా వినియోగదారుల్లో ఇంతమంది సంతృప్తిగా ఉన్నారు' అని ప్రకటించడంతోనే చిక్కు మొదలవుతుంది. అంకె అడిగితే మనిషి మార్కులు వేస్తాడు, మొహం చూపిస్తే తన మొహాన్ని వెతుక్కుంటాడు. మొదటిది ఆ వస్తువు గురించిన తీర్పు, రెండోది ఆ నిమిషాన తన మనసు ఎలా ఉందన్న సంగతి. విమానం మూడు గంటలు ఆలస్యమైనవాడికి మరుగుదొడ్డి ఎంత శుభ్రంగా ఉన్నా నవ్వు మొహం తనది అనిపించకపోవచ్చు.

ఈ తేడాను అందరికంటే ముందు, అందరికంటే జాగ్రత్తగా పట్టుకున్నది పిల్లల నొప్పిని కొలిచే వైద్యులు, మనస్తత్వవేత్తలు. 'పదికి ఎంత నొప్పి?' అంటే అయిదేళ్ళ పిల్ల చెప్పలేదు. అందుకే 1980లలో అమెరికాలో వాంగ్, బేకర్ అనే ఇద్దరు ఆరు బొమ్మల స్కేలు తయారుచేశారు. ఒక చివర నవ్వు, ఇంకో చివర కన్నీళ్ళు. మన ఆసుపత్రుల గోడల మీద కూడా కనిపించే బొమ్మలు అవే. నొప్పి ఏమీ లేకపోతే నవ్వు మొహం చూపించాలన్నది దాని నియమం. కానీ సూది గుచ్చించుకుని వచ్చిన పిల్లకు నొప్పి లేకపోయినా నవ్వు రాదు కదా! భయంగానో బెంగగానో ఉంటుంది. ఆ నవ్వు మొహం తనది కాదనుకుని పక్కనున్న దాన్ని చూపిస్తుంది. లేని నొప్పి రెండు మార్కులై కాగితం మీదికెక్కుతుంది.

ఇది ఊహ కాదు. క్రిస్టీన్ చాంబర్స్, ఆమె సహచరులు కెనడాలో దీన్ని పరీక్షించి 1999లో ఫలితాలు ప్రచురించారు. రక్తం తీయించుకున్న 5 నుంచి 12 ఏళ్ళ పిల్లలకూ వాళ్ళ తల్లిదండ్రులకూ రకరకాల బొమ్మల స్కేళ్ళు ఇచ్చారు. 'నొప్పి లేదు' అన్న చోట నవ్వు మొహం ఉన్న స్కేళ్ళ మీద, ఏ భావమూ లేని మొహం ఉన్న స్కేళ్ళ మీద కంటే ఎక్కువ నొప్పి నమోదైంది. పిల్లలదే కాదు, పెద్దలు వేసిన అంచనాదీ అదే వరస. తమాషా ఏమిటంటే, ఏ స్కేలు నచ్చిందని అడిగితే ఎక్కువమంది నవ్వు మొహాలున్న కార్టూన్ బొమ్మల వైపే మొగ్గారు. ముచ్చటగా ఉన్నదే కొలతను ఎక్కువ పక్కదారి పట్టించిందన్నమాట. 2001లో వచ్చిన సవరించిన స్కేలులో నవ్వూ లేదు, కన్నీళ్ళూ లేవు.

ఇదే తర్కాన్ని హోటల్ బిల్లుతోపాటు వచ్చే ఫారానికి పట్టించి చూడండి. అయిదు మొహాల్లో మొదటిది పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. ఇడ్లీ బాగుంది, చట్నీ బాగుంది, వేడిగా వచ్చింది. అయినా ఇడ్లీ తిని అంతగా నవ్వేవాళ్ళు ఎంతమంది? అంకెల్లో అయితే అయిదుకి అయిదు వేసే మనిషే ఇక్కడ రెండో మొహం దగ్గర ఆగిపోవచ్చు. అటు చివర బొటబొటా కన్నీళ్ళు కారుతున్న బొమ్మ ఉంటే, సాంబారు చల్లారిందన్న కోపంతో దాన్ని నొక్కడానికి పెద్దమనిషికి సిగ్గు. అంటే బొమ్మలో భావం ముదిరిన కొద్దీ చివరి గడులు ఖాళీ అవుతాయి. మధ్యనున్న గీతమూతి మొహం ఇంకో తంటా. గీసినవాడికి అది 'ఫరవాలేదు', చూసేవాడికి అలకో, విసుగో. మినెసోటా విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే ఎమోజీ బొమ్మను చూసిన ఇద్దరికి అది మంచి భావమా, చెడ్డదా, ఏదీ కాదా అన్న దాని మీదే నాలుగోవంతు సందర్భాల్లో పొత్తు కుదరలేదు.

వీటికి తోడు మన మొహమాటం ఒకటి. వడ్డించిన కుర్రాడే ట్యాబ్ చేతికిచ్చి ఎదురుగా నిలబడితే ఏడుపు మొహం మీద వేలు పెట్టగలిగేవాళ్ళు తక్కువ. అంకె దగ్గరా మొహమాటం ఉంటుంది గానీ, మొహం ఏదో ఆ కుర్రాడి మొహం మీదే నొక్కుతున్నట్టు ఉంటుంది.

అలాగని అంకెలేమీ నిష్పక్షపాతం కావు. జర్మనీలో జరిగిన ఒక సర్వేలో 'జీవితంలో మీరు ఎంతవరకు సఫలమయ్యారు?' అని 11 గళ్ళ స్కేలు ఇచ్చారు. కొందరికి 0 నుంచి 10, మరికొందరికి -5 నుంచి +5. గళ్ళు అవే, చివరల్లో రాసిన మాటలూ అవే. మొదటి స్కేలులో 34 శాతం మంది కింది సగంలో, అంటే 0 నుంచి 5 లోపు ఎంచుకున్నారు. రెండోదాంట్లో దానికి సరిసమానమైన గళ్ళను ఎంచుకున్నది 13 శాతమే. సున్నా అంటే 'పెద్దగా ఏమీ సాధించలేదు' అని, మైనస్ అంటే 'ఓడిపోయాను' అని జనం చదువుకున్నారు. నోర్బర్ట్ ష్వార్జ్ బృందం 1991లో ప్రచురించిన ఈ ఫలితం సర్వేలు చేసేవాళ్ళకు నేటికీ పాఠం.

అంకెకు బడి వాసన కూడా ఉంటుంది. 35 వస్తే పాసు, 60 వస్తే ఫస్ట్ క్లాసు అని పెరిగిన మనవాళ్ళు పదికి ఆరు వేస్తే మంచి మార్కులే వేశామనుకుంటారు. 'మమ్మల్ని మీ స్నేహితులకు సిఫారసు చేస్తారా?' అని 0 నుంచి 10 దాకా అడిగే నెట్ ప్రమోటర్ స్కోరు పద్ధతి 2003లో అమెరికాలో వచ్చింది. దాని లెక్కలో 9, 10 వేసినవాళ్ళే అభిమానులు, 7, 8 తటస్థులు, 6 అంతకంటే తక్కువైతే వ్యతిరేకులు. మన ఫస్ట్ క్లాసు అక్కడ శత్రువుల జాబితాలో చేరిపోతుంది!

మొహాలను అంకెలుగా మార్చి సగటు తీయడమైతే నాకు అస్సలు నచ్చని పని. వందమందీ రెండో మొహం నొక్కితే సగటు 4. డెబ్బైఅయిదు మంది మొదటిది, పాతికమంది చిట్టచివరిది నొక్కినా సగటు 4 వస్తుంది. మొదటి హోటల్లో గొడవే లేదు, రెండోదాంట్లో ప్రతి నాలుగో మనిషీ మండిపడుతున్నాడు. పైగా చిరునవ్వుకీ గీతమూతికీ ఉన్న దూరం, గీతమూతికీ కన్నీళ్ళకూ ఉన్న దూరం ఒకటేనని ఎవరు కొలిచారు? ఏ మొహానికి ఎన్ని నొక్కులు పడ్డాయో విడివిడిగా చూపించడమే నిజాయితీ.

ఆ విమానాశ్రయం యంత్రం నిజంగా పనికొచ్చేది కూడా అలా విడిగా, గంటలవారీగా చూసినప్పుడే. రోజూ మధ్యాహ్నం రెండింటి ప్రాంతంలో ఎరుపు పెరుగుతోందంటే ఆ వేళ తుడిచేవాళ్ళు మారుతున్నారేమో వెళ్ళి చూడొచ్చు. ఆటగా పదిసార్లు టకటకా నొక్కిన పిల్లాడి నొక్కులు కూడా అందులో ఉంటాయి గానీ, పిల్లలు అన్ని వేళలా వస్తారు కాబట్టి ఆ తేడా అంతగా దెబ్బతీయదు. పోలిక నిలబడాలంటే బొమ్మలు మారకూడదు. ఏడాది మధ్యలో ఫారం కొత్తగా అచ్చువేయిస్తూ పై మొహం నవ్వు కాస్త తగ్గించి గీయిస్తే, మర్నాటి నుంచే మొదటి గడిలో టిక్కులు పెరగొచ్చు. ఇడ్లీ మాత్రం నిన్నటిదే, ప్రశంస కొత్త మేనేజరుకు.