లాగ్‌బుక్కులో దాగిన లెక్క

అమలాపురంలో బీకాం పూర్తిచేసిన ఒక అమ్మాయి తన రెజ్యూమె నా ముందు పెట్టింది. రెండు పేజీలు. మొదటి సగం పేజీ నిండా తండ్రి పేరు, పుట్టిన తేదీ, మతం, పెళ్లయిందా లేదా, పక్కన ఫొటో. సంబంధాల కోసం ఇచ్చే బయోడేటా పద్ధతి అది. ఆమె చేసిన పనికి దక్కింది రెండే వాక్యాలు: ‘కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టులో పాల్గొన్నాను. కొబ్బరి కొట్టులో లెక్కలు చూసే బాధ్యత నిర్వహించాను.’

“ఇంకేం రాయనండీ? చెప్పుకోడానికి ఏమీ లేదండీ” అంది.

ఆ ప్రాజెక్టు లాగ్‌బుక్కు తెమ్మన్నాను. మన రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులు ఒక ఊరిని ఎంచుకుని 180 గంటలు ఈ ప్రాజెక్టు చేయాలి. ఏ రోజు ఏం చేశారో అందులో రాసుకోవాలి. మార్కులు పడ్డాక ఆ పుస్తకం అటక ఎక్కుతుంది. ఫ్రెషర్‌కు కావలసిన అంకెలు మాత్రం అందులోనే ఉంటాయి.

ఈమె లాగ్‌బుక్కు చదివితే ఐదుగురు కలిసి రాజోలు దగ్గర ఒక ఊళ్లో 142 పత్రాలతో తాగునీటి సర్వే చేశారని తెలిసింది. “అందులో నువ్వు వెళ్లినవెన్నమ్మా?” అంటే పేజీలు తిప్పి లెక్కపెట్టి 31 అంది. ఆ పత్రాలన్నీ ఎక్సెల్‌లో ఎక్కించింది కూడా తానేనట. ఎక్కిస్తుంటే తొమ్మిది ఇళ్లు రెండేసి సార్లు నమోదైనట్టు కనబడి, సరిచేసిందట. ఇంత పని ‘పాల్గొన్నాను’ అన్న ఒక్క మాట కింద పడి ఉంది.

కొత్త వాక్యం ఇలా తయారైంది: ‘ఐదుగురి జట్టు చేసిన తాగునీటి సర్వేలో 31 ఇళ్ల వివరాలు సేకరించాను, జట్టు తెచ్చిన 142 పత్రాలను ఎక్సెల్‌లో నమోదుచేసి, రెండుసార్లు వచ్చిన 9 ఇళ్లను గుర్తించి అదనపు నమోదులను తొలగించాను.’ జట్టు అంకె వేరు, తన అంకె వేరు. ఈ రెండూ కలిపేస్తే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

దీన్ని ఇంగ్లిష్‌లోకి మార్చేటప్పుడు మన పిల్లలందరికీ ఒకచోట కాలు జారుతుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది. ఆ అలవాటుతో ఇంగ్లిష్ రాస్తే ‘ఐ వజ్ రెస్పాన్సిబుల్ ఫర్’ అంటూ మొదలై, అసలు పని ఎక్కడో తోకలో తేలుతుంది. రెజ్యూమెలో వరస తిరగేయాలి. ‘సర్వేడ్’, ‘ఎంటర్డ్’, ‘రిమూవ్డ్’ అంటూ చేసిన పనితోనే వాక్యం మొదలవ్వాలి. ‘లెడ్’ లాంటి పెద్ద మాట నిజంగా జట్టును నడిపినవాళ్లకే.

కొబ్బరి కొట్టు దగ్గర ఇంకాస్త ఆగాల్సి వచ్చింది. అంబాజీపేటలో వాళ్ల మావయ్య కొట్టు. రైతులు దింపిన కాయలు, ఇచ్చిన బయానాలు నోటుపుస్తకంలో ఉండేవి. ఈమె వాటిని ఎక్సెల్‌లోకి మార్చింది. ఆ ఏడాది అమ్మకాల సొమ్ము పెరిగింది కాబట్టి ‘అమ్మకాలు పెంచాను’ అని రాయొచ్చా అని అడిగింది. వెయ్యి కాయల ధర ఎంత ఉందని అడిగాను. ముందటేడాది కన్నా బాగా ఎక్కువట. అయితే సొమ్ము పెంచింది మార్కెట్టు, ఆమె కాదు. ఆ వాక్యం వద్దన్నాను.

ఆమె వల్ల మారింది మరొకటి. నెలాఖరున 43 మంది రైతుల బాకీలు తేల్చడానికి మావయ్యకు ఆదివారమంతా పట్టేది. ఇప్పుడు అరగంటలో అవుతోంది. ‘43 మంది రైతుల ఖాతాలను ఎక్సెల్‌లోకి మార్చి, నెలవారీ బాకీల లెక్కను రోజంతా పట్టే పని నుంచి అరగంటకు తగ్గించాను’ అని రాశాం. శాతం వేయలేదు. రోజంతా, అరగంట అంటే చదివేవాళ్ల కళ్లకు కడుతుంది. తొంభైమూడు శాతం అంటే దేనిలో అని అనుమానం వస్తుంది.

ఇక పేజీ రూపం. నెట్‌లో దొరికిన రెండు నిలువు గడుల రంగుల నమూనా వాడింది. ఫైలంతా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించమన్నాను. డిగ్రీ పేరు మధ్యలో ఫోన్ నంబరు దూరింది. పెద్ద కంపెనీల్లో దరఖాస్తును ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది. అలాంటి నమూనాలో దానికీ ఇదే గందరగోళం ఎదురుకావచ్చు. అందుకే ఒకే పేజీ, ఒకే నిలువు వరస, 11 పాయింట్ల నల్ల అక్షరాలకు వచ్చాం. పేరు, ఊరు, ఫోన్, మెయిల్ పైన. తర్వాత చదువు, ప్రాజెక్టు, కొట్టు పని, వచ్చిన సాఫ్ట్‌వేర్లు. ఫొటో, మతం, అడుగున ఉన్న ప్రమాణవాక్యం తీసేశాం. ప్రభుత్వోద్యోగాలకు అలాంటి వివరాలు కావాలంటే వాళ్ల దరఖాస్తులోనే అడుగుతారు.

చివరగా ఇంటర్వ్యూ చేసేవాడిలా అడిగాను: “ఆ తొమ్మిది ఇళ్లు ఎలా పట్టుకున్నావు?”

తడుముకోలేదు. “డోర్ నంబరు ప్రకారం వరస పెట్టానండీ. ఒక పత్రంలో ఇంటాయన పేరుంది, ఇంకోదాంట్లో ఆవిడ పేరుంది. నంబరు ఒకటేనండీ. అనుమానమొచ్చి మళ్లీ వెళ్లి అడిగొచ్చాను” అంది.

మళ్లీ వెళ్లిన సంగతి లాగ్‌బుక్కులో లేదు. ఆ ముక్క కూడా వాక్యంలో చేర్చాం.