కాపాడబోయి గాయపడితే ఖర్చెవరు పెట్టుకోవాలి?

2015 నవంబరులో కేరళలోని కోజికోడ్‌లో ఇద్దరు ఆంధ్రా కూలీలు మ్యాన్‌హోల్‌లో దిగి విషవాయువుకు స్పృహ తప్పారు. పైనున్న వాళ్ల కేకలు విని ఆ దగ్గర్లోనే ఉన్న ఒక ఆటో డ్రైవర్ పరుగెత్తుకొచ్చాడు. ఆ కూలీలెవరో అతనికి తెలియదు, వాళ్ల భాషా రాదు. అయినా లోపలికి దిగాడు. ముగ్గురూ పోయారు. కేరళ ప్రభుత్వం ఆ డ్రైవర్ కుటుంబానికి డబ్బు సాయం, భార్యకు ఉద్యోగం ప్రకటించింది.

అది మంచి నిర్ణయమే. కానీ అది ప్రభుత్వం తలచుకుని ఇచ్చిన సాయం, ఆ కుటుంబం హక్కుగా అడిగి తెచ్చుకున్నది కాదు. పత్రికలు రాయని ఊళ్లో, కెమెరాలు లేని చెరువు గట్టు దగ్గర, పిల్లాణ్ని బయటికి లాగి తను నడుం విరగ్గొట్టుకున్న మనిషికి ఎవరు చెల్లిస్తారు? మెచ్చుకోవడానికి ఊరంతా వస్తుంది. ఆస్పత్రి బిల్లు మాత్రం ఆ ఇంట్లోవాళ్ల చేతికే వస్తుంది.

ఈ ప్రశ్నకు చట్టం ఎలా బదులిచ్చిందో తెలియాలంటే ఇంగ్లండులోని ఒక పొలం బావి దగ్గరకు వెళ్లాలి. డెర్బీషైర్‌లో ఒక కాంట్రాక్టు సంస్థ ఆ బావి శుభ్రం చేసే పని ఒప్పుకుంది. నీళ్లు తోడటానికి పెట్రోలు ఇంజనును బావిలోనే, దాదాపు ముప్ఫై అడుగుల కింద, బల్ల వేసి పెట్టారు. గాలి ఆడని చోట ఇంజను నడిస్తే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి రంగూ వాసనా ఉండవు. పీల్చిన మనిషికి ముందు కాళ్లలో సత్తువ పోతుంది, తర్వాత తెలివి తప్పుతుంది. యజమానికి అనుమానం వచ్చి, తాను వచ్చేదాకా దిగొద్దని పనివాళ్లకు చెప్పాడు. అంతకు మించి ఏ ఏర్పాటూ చేయలేదు. మర్నాడు పొద్దున ఒకడు దిగి కూలిపోయాడు, అతని కోసం రెండోవాడు దిగాడు.

కబురందుకుని వచ్చిన డాక్టరుతో అందరూ ఆగమన్నారు, ఫైరింజను వస్తోందన్నారు. ఆయన ఆగలేదు. నడుముకు తాడు కట్టించుకుని దిగాడు. లోపల తనకూ తూలు వస్తుంటే పైకి లాగమన్నాడు. లాగుతుంటే తాడు బావిలోని గొట్టానికి చిక్కుకుంది. ఆయన్ను బయటికి తీసేసరికి ఆలస్యమైపోయింది. డాక్టరు కుటుంబం దావా వేస్తే కంపెనీ చెప్పిన జవాబు ఒక్కటే: వద్దన్నా ఆయనే దిగాడు, కాబట్టి మా బాధ్యత లేదు. 1959లో అక్కడి అప్పీలు కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. నిర్లక్ష్యంతో మనుషుల్ని ప్రమాదంలోకి నెట్టినవాడు, వాళ్లను కాపాడటానికి ఎవరో ఒకరు వస్తారని ముందే ఊహించుకోవాలి. అలా వచ్చినవాడికి జరిగిన నష్టం కూడా అతని లెక్కలోకే వస్తుంది. తెలిసి దిగాడన్న కారణంతో కాపాడబోయినవాడి హక్కు పోదని న్యాయమూర్తులు తేల్చారు.

మరో నాలుగేళ్లకు అదే కోర్టుకు ఇంకో కేసు వచ్చింది. ఒక స్టేషన్ మాస్టర్ రెండేళ్ల కొడుకు పట్టాల మీదికి వెళ్లాడు. అదే లైనులో రైల్వే ట్రాలీ వస్తోంది. తండ్రి ప్లాట్‌ఫారం మీంచి దూకి పిల్లాణ్ని తన ఒంటితో కాపాడాడు. బిడ్డ గాయాలతో బతికాడు, తండ్రి పోయాడు. పిల్లాడు అక్కడికి రాకూడనివాడు, వస్తాడని రైల్వే ఊహించనక్కర్లేదు అని పిల్లాడి దావా కొట్టేశారు. తండ్రి తరఫు దావా మాత్రం నెగ్గింది. కాపాడబోయినవాడి హక్కు, ఆపదలో ఉన్నవాడి హక్కుకు తోక కాదన్నమాట, దానంతట అది నిలబడుతుంది.

కాపాడించుకున్నవాడే చెల్లించాల్సి వచ్చిన సందర్భమూ ఉంది. కదిలే రైలెక్కబోయి వేలాడుతున్న రైల్వే ఉద్యోగిని లోపలికి లాగబోయి గార్డు కింద పడ్డాడు. తన తొందరపాటుతో ఆపద తెచ్చుకున్నవాడు కాపాడబోయినవాడికి బాధ్యుడేనని 1981లో ఇంగ్లండు కోర్టు చెప్పింది. అయితే గార్డు ముందు బ్రేకు వేయాల్సింది, వేయలేదు. అందుకని పరిహారంలో 20 శాతం కోసేసింది.

మన కోర్టులకు ఈ తీర్పులు శిలాశాసనాలు కావు. కానీ నష్టపరిహారపు కేసుల్లో ఇంగ్లిషు సూత్రాలను చూసి నడిచే అలవాటు మనకు ఉంది. ఆ దారిలో మన కేసు ఎలా సాగుతుందో ఒక ఊహా సంఘటనతో చూద్దాం.

పట్నం శివార్లో అపార్ట్‌మెంటు కోసం సెల్లార్ తవ్వారు. వానలకు గుంత నిండింది. చుట్టూ పెట్టిన రేకుల కంచె ఒకవైపు ఊడిపోయి వారమైంది. ఎనిమిదేళ్ల పిల్లాడు బంతి కోసం వెళ్లి జారాడు. దారినపోయే పెయింటర్ దూకి వాణ్ని గట్టుకు తోశాడు. నీళ్ల కింద పునాదిలోంచి నిలబెట్టిన ఇనుప చువ్వ అతని తొడలో దిగబడింది. రెండు ఆపరేషన్లు, నాలుగు నెలలు పని లేదు, ఆ తర్వాత కూడా నిచ్చెన ఎక్కలేడు.

ఇక్కడ చెల్లించాల్సింది ఎవరు? పిల్లాడు కాదు. ఆ వయసువాడికి నిర్లక్ష్యం అంటగట్టడం ఏ కోర్టుకూ సులువు కాదు. బాధ్యత గుంత తవ్వి కాపలా లేకుండా వదిలేసినవాళ్లది, అంటే బిల్డరుది, సైటు చూసుకునే కాంట్రాక్టరుది. పెయింటర్ రుజువు చేయాల్సింది గుంతను అలా వదిలేయడం నిర్లక్ష్యమని, పిల్లలు పడే అవకాశం ఉందని, పడితే ఎవరో ఒకరు దూకుతారని ఎవరైనా ఊహించగలరని. మూడోదానికే ఆ బావి కేసు పనికొస్తుంది. బిల్డరు వకీలు కచ్చితంగా అడిగేది "ఎవరు దూకమన్నారు?" అని. రెండో ప్రశ్న "నీకు ఈత వచ్చా?" అని. పిల్లాడు మునుగుతుంటే ఆలోచించుకునే తీరిక ఉండదని కోర్టులు ఒప్పుకుంటాయి. ఒళ్లు తెలియని దుస్సాహసం అని తేలితే తప్ప, పరిహారంలో కోత పడటం అరుదు.

ఇలాంటి కేసులు ఓడిపోయేది ఎక్కువగా సాక్ష్యం దగ్గరే. మర్నాటికి కంచె తిరిగి నిలబడుతుంది, మోటారు పెట్టి నీళ్లు తోడేస్తారు. అందుకే ఊడిన రేకు, నీళ్లు, చువ్వ అదే రోజు ఫొటోల్లో ఉండాలి. పోలీసులకు ఫిర్యాదు వెళ్లాలి, పంచనామా జరగాలి. ఆస్పత్రిలో ఇంకో మెలిక ఉంది. తీసుకొచ్చినవాళ్లు కంగారులో "గుంతలో పడ్డాడండీ" అంటారు, డ్యూటీ డాక్టరు కేసు షీట్లో "కాలు జారి పడ్డాడు" అని రాసేస్తాడు. రెండేళ్ల తర్వాత ఆ మూడు మాటలే దావాను ముంచుతాయి. పిల్లాణ్ని తీయడానికి దూకితే చువ్వ గుచ్చుకుందని మెడికో లీగల్ రిజిస్టర్లో రాయించుకోవడం ఆ రాత్రి చేయాల్సిన పని. పరిహారంగా అడిగేవి వైద్యఖర్చు, పోయిన కూలి, బాధ, వైకల్య ధ్రువపత్రంలోని శాతాన్ని బట్టి ముందుముందు తగ్గే సంపాదన. కోర్టు ఫీజు కట్టలేనివాళ్లు జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగవచ్చు. ఆదాయ పరిమితిలోపు వాళ్లకు వకీలునూ ఫీజునూ అదే చూసుకుంటుంది. మనిషి పోతే మాత్రం వారసులు రెండేళ్లలోపు దావా వేయాలి.

దూకినవాడు అదే సైటులో కూలీ అయితే దారి ఇంకా దగ్గర. ఈఎస్‌ఐ నిబంధనల్లో దీనికోసమే ఒక ఏర్పాటు ఉంది. పనిచేసే ఆవరణలో ఆపద వచ్చి, ఆపదలో ఉన్నవాళ్లను కాపాడబోయి కార్మికుడు గాయపడితే దాన్ని ఉద్యోగంలో జరిగిన ప్రమాదంగానే లెక్కిస్తారు. నిజంగా ఆపద లేకపోయినా, ఉందనుకుని పరుగెత్తినా సరిపోతుంది. యజమాని తప్పు రుజువు చేయనక్కర్లేదు. ఈ నిబంధన గురించి తెలిసిన కార్మికులు చాలా తక్కువ.

ఇక అసలు చిక్కు ఎవరి తప్పూ లేని చోట. గోదావరి రేవులో స్నానానికి దిగిన పిల్ల సుడిలో చిక్కుకుంది, ఒకతను ఈది తెచ్చాడు, బండరాయి తగిలి భుజం పోయింది. ఏటి మీద ఎవరు దావా వేస్తారు? అక్కడ మిగిలేవి కొన్ని చిన్న దారులే. వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటే పాలసీ తీసి చదవాలి. కావాలని ప్రమాదంలోకి వెళ్తే చెల్లించమనే షరతు వాటిలో మామూలే. దాని పక్కనే "మనిషి ప్రాణం కాపాడే ప్రయత్నంలో తప్ప" అనే మినహాయింపు చాలా పాలసీల్లో ఉంటుంది. ఏజెంటు మొదటి సగం చదివి క్లెయిము రాదంటే, రెండో సగం చూపించాలి. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమాలో చనిపోతే రెండు లక్షలు ఇస్తారు. కానీ మానిపోయే గాయాలకూ ఆస్పత్రి ఖర్చుకూ అందులో ఏమీ రాదు. వరదలాంటి విపత్తు సమయంలో సహాయక చర్యల్లో ఉండి ప్రాణం పోతే కుటుంబానికి నాలుగు లక్షలు ఇవ్వడానికి విపత్తు నిధి నిబంధనల్లో వీలుంది. మామూలు రోజు రేవులో జరిగినదానికి అది వర్తించదు.

జీవన్ రక్షా పదక్ సంగతీ చెప్పుకోవాలి. నీళ్లలోంచి, మంటల్లోంచి, గనుల్లోంచి మనుషుల్ని కాపాడినవాళ్లకు కేంద్రం 1961 నుంచి ఇస్తోంది. మూడు స్థాయిల్లో రెండు లక్షలు, లక్షన్నర, లక్ష రూపాయలు వస్తాయి. ఊరివాళ్లు కలెక్టరుకు వివరాలిస్తే, రాష్ట్రం సిఫారసు చేస్తుంది. అది గౌరవం, అందుకు తగినవాళ్లకు అందాల్సిందే. కానీ భుజానికి రాడ్డు వేసినందుకు ఎంతయిందో అక్కడ ఎవరూ లెక్క వేయరు. రోడ్డు ప్రమాద బాధితుణ్ని ఆస్పత్రికి చేర్చినవాడికి మోటారు వాహనాల చట్టం 134ఎ ఇచ్చే రక్షణ కూడా అంతే. అతనిమీద కేసులు రాకుండా చూస్తుంది, అతని గాయాల జోలికి పోదు.

జర్మనీ ఈ ఖాళీని వేరే పద్ధతిలో పూడ్చింది. అక్కడ ఉద్యోగుల ప్రమాద బీమా చట్టంలోనే, ఇతరులను పెద్ద ఆపదనుంచి కాపాడేవాళ్లను కూడా చేర్చారు. ముందు పేరు నమోదు అక్కర్లేదు, ప్రీమియం లేదు, ఎవరి తప్పో తేల్చే పనీ లేదు. దూకిన క్షణం నుంచి ఆ మనిషి ప్రభుత్వ ప్రమాద బీమా కింద ఉన్నట్టే. చికిత్స, తిరిగి పనికి సిద్ధం చేసే శిక్షణ, పని చేయలేని రోజులకు భృతి, శాశ్వతంగా దెబ్బతింటే పింఛను వస్తాయి. మనకు కావాల్సిందీ ఇదే. ప్రమాదానికి కారకులు దొరికితే వాళ్ల దగ్గర వసూలు చేసుకోవచ్చు, దొరకకపోయినా గాయపడినవాడు కాచుకు కూర్చోనక్కర్లేదు. కూలి మీద బతికే మనిషికి నాలుగేళ్ల తర్వాత వచ్చే తీర్పు కంటే, ఆపరేషన్ రోజున వచ్చే డబ్బు ఎంతో విలువైనది. జర్మనీ చట్టం చిన్న సంగతుల్ని కూడా వదల్లేదు. నీళ్లలో దూకినప్పుడు పాడైన బట్టలకు, ఫోనుకు కూడా దరఖాస్తు పెట్టుకుంటే డబ్బు తిరిగి వస్తుంది.