మాటను విరిచి చూడండి... అర్థం బయటపడుతుంది!

ఎస్సెస్సీ, బ్యాంకు పరీక్షలకు చదివే వాళ్ల చేతుల్లో ఒక లావుపాటి పుస్తకం తప్పకుండా కనిపిస్తుంది. 'ఏ' నుంచి 'జెడ్' దాకా వేల ఇంగ్లిష్ మాటలు, పక్కనే అర్థాలు. రోజుకు యాభై చొప్పున బట్టీ పడుతుంటారు. 'డి' దాకా వచ్చేసరికి 'ఏ'లో చదివింది కాస్తా ఎగిరిపోతుంది. కోచింగ్ క్లాసులో ఇంగ్లిష్ చెప్పే నాకు ఏటా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "సార్, ఇన్ని మాటలు ఎలా గుర్తుంటాయి?"

అన్నీ గుర్తుండక్కర్లేదు. సమానార్థం, వ్యతిరేకార్థం అడిగే ప్రశ్నలో సగం జవాబు ఆ మాటలోనే దాక్కుని ఉంటుంది. మిగతా సగం దాని చుట్టూ ఉన్న వాక్యంలోనో, ఆ మాట పలికే స్వరంలోనో దొరుకుతుంది.

ఒక్క మాట, నాలుగు ఆప్షన్లు

'మాగ్నానిమస్' అనే మాటకు సమానార్థం అడిగారనుకోండి. ఆప్షన్లు ఇవి: పెటీ, జెనరస్, హాస్టైల్, మాగ్నిఫిసెంట్. ఈ మాట మీరెప్పుడూ వినలేదనే అనుకుందాం.

ముందు మాటను రెండుగా విరవండి. లాటిన్‌లో 'మాగ్నస్' అంటే గొప్ప, పెద్ద. 'అనిమస్' అంటే మనసు, ఆత్మ. రెండూ కలిపితే పెద్ద మనసు. మన భాషలోకి తెస్తే మహా, ఆత్మ... మహాత్ముడు! ఓడిపోయిన ప్రత్యర్థిని వెక్కిరించకుండా భుజం తట్టేవాడి గుణం అది. కాబట్టి జవాబు జెనరస్.

మిగతా మూడూ ఎందుకు పెట్టారో కూడా చూడాలి. మాగ్నిఫిసెంట్ చూడ్డానికి అన్నదమ్ముడిలా ఉంటుంది. ముందు సగం ఒకటే కానీ వెనక సగం వేరు. అది రాజభవనాల్లాంటి వైభవానికి వాడే మాట. 'అనిమాసిటీ' అంటే పగ అని తెలిసినవాళ్ల కోసం హాస్టైల్ పెట్టారు. ఇక పెటీ సరిగ్గా వ్యతిరేకార్థం. ప్రశ్న సరిగ్గా చదవకుండా తొందరపడేవాళ్లు దాని మీదే టిక్కు పెడతారు.

ఈ ఒక్క 'అనిమస్' చేతికొస్తే దాని కుటుంబమంతా వెంట వస్తుంది. 'యునానిమస్'లో ముందున్నది 'ఒకటి', అంటే అందరిదీ ఒకే మనసు, ఏకగ్రీవం. 'ఈక్వానిమిటీ'లో ముందున్నది 'సమానం', అంటే కష్టంలోనూ సుఖంలోనూ చలించని సమభావం. 'ప్యూసిలానిమస్'లో ముందున్నది 'చాలా చిన్నది'. చిన్న ప్రాణం, అంటే పిరికి. నాలుగు పేజీల్లో చెల్లాచెదురుగా పడి ఉండే మాటలు ఒక్క చోటికి చేరాయి.

వేరు కూడా మోసం చేస్తుంది

అయితే వేరు దొరికింది కదా అని గుడ్డిగా నమ్మకూడదు. 'మాల్' అంటే చెడు అని అందరికీ నేర్పుతాం. మాల్‌న్యూట్రిషన్ అంటే పోషకాహార లోపం, మాల్‌ప్రాక్టీస్ అంటే తప్పుడు పని. మరి 'మాలియబుల్' చూసి చెడ్డ మాట అనుకుంటే పొరపాటే. అది లాటిన్‌లో సుత్తిని చెప్పే మాట నుంచి వచ్చింది. సుత్తితో కొడితే విరగకుండా సాగే గుణం, అంటే ఎటు వంచితే అటు వంగేది.

'ఇన్' కూడా అలాంటిదే. అది వ్యతిరేకాన్ని చెబుతుందని నేర్చుకున్నవాళ్లు 'ఇన్‌వాల్యుబుల్' అంటే విలువ లేనిది అనుకుంటారు. తెలుగులో 'అమూల్యం' అన్న మాట గుర్తు తెచ్చుకోండి. అక్కడా ముందు 'అ' ఉంది. కానీ అర్థం వెల లేనిదని కాదు, వెల కట్టలేనిదని.

'ఎనర్వేట్' ఇంకా గడుసుది. వినగానే ఎనర్జీ గుర్తొస్తుంది. నిజానికి దాని అర్థం నీరసపరచడం. లాటిన్‌లో 'నెర్వస్' అంటే నరం, స్నాయువు. ముందున్న 'ఎ' అంటే బయటికి. సత్తువ బయటికి లాగేయడం అన్నమాట. ఇలాంటి దొంగ మాటలకు ఒక గుర్తుంది. ఆప్షన్లలో ఒకదానికొకటి వ్యతిరేకమైనవి 'బలపరచు', 'బలహీనపరచు' రెండూ కనిపిస్తే కాస్త ఆగండి. చాలాసార్లు అందులో ఒకటి జవాబు, రెండోది ఎర.

వాక్యమే తీర్పు చెబుతుంది

మనకు బాగా తెలిసిన 'శాంక్షన్' తీసుకోండి. లోన్ శాంక్షన్ అయిందంటే మంజూరైందని. అదే పేపర్లో ఒక దేశం మీద శాంక్షన్లు పెట్టారని వస్తే ఆంక్షలని. ఒకే మాటకు ఇంచుమించు ఎదురెదురు అర్థాలు! ఇక్కడ వేరు తవ్వి లాభం లేదు. సెలవు శాంక్షన్ చేశారన్న వాక్యం ఇచ్చి వ్యతిరేకార్థం అడిగితే 'రెఫ్యూజ్'. దేశం మీద పెట్టిన శాంక్షన్లకు సమానార్థం అడిగితే 'పెనాల్టీ'కి దగ్గరగా ఉన్నది వెతకాలి.

తెలియని మాటకైతే వాక్యంలోని మలుపు మాటలే దారి చూపిస్తాయి. 'ఇంట్లో టాసిటర్న్‌గా ఉండే ఆయన, స్నేహితుల దగ్గర మాత్రం ఆపకుండా మాట్లాడతాడు' అని ఉందనుకోండి. ఆ 'మాత్రం' చాలు, టాసిటర్న్ అంటే మాట తక్కువని తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌లో బట్, ఆల్‌దో, అన్‌లైక్ కనిపిస్తే అర్థం ఎదురు తిరుగుతోందని లెక్క.

పొదుపరా? పిసినారా?

అన్నిటికన్నా ఎక్కువ మార్కులు పోయేది స్వరం దగ్గర. పొదుపరి, పిసినారి ఇద్దరూ డబ్బు ఖర్చు పెట్టనివాళ్లే. కానీ పెళ్లిచూపుల్లో అబ్బాయిని ఏ మాటతో పరిచయం చేస్తారు? ఇంగ్లిష్‌లో 'ఫ్రూగల్' మెచ్చుకునే మాట, 'మైజర్లీ' తిట్టే మాట.

ఇప్పుడు ఫ్రూగల్‌కు వ్యతిరేకార్థం అడిగి ఆప్షన్లలో ఎక్స్‌ట్రావగెంట్, జెనరస్ రెండూ ఇచ్చారనుకోండి. క్లాసులో చాలామంది జెనరస్ అంటారు. మంచి గుణానికి వ్యతిరేకం చెడ్డ గుణం కావాలి కదా! పొదుపుకు ఎదురు దుబారా, కాబట్టి ఎక్స్‌ట్రావగెంట్. పిసినారితనానికి ఎదురు ఉదారత, కాబట్టి జెనరస్ అక్కడ సరిపోతుంది. అందుకే ప్రశ్నలోని మాట పక్కన చిన్నగా ప్లస్సో మైనస్సో పెట్టుకోమంటాను. సమానార్థమైతే అదే గుర్తున్న ఆప్షన్, వ్యతిరేకార్థమైతే చాలావరకు ఎదుటి గుర్తున్నది వెతుక్కోవాలి.

ఎప్పుడు వదిలేయాలి?

'గ్లిబ్', 'వాన్' లాంటి పొట్టి మాటలు విరిచినా విరగవు. వాక్యం కూడా ఇవ్వకపోతే వేరు పద్ధతి పనిచేయదు. అవి చదువుతూ పరిచయం చేసుకోవాల్సినవే. అప్పుడు లెక్క చూసుకోండి. సీజీఎల్ మొదటి అంచెలో సరైన జవాబుకు 2 మార్కులు, తప్పుకు అర మార్కు కోత. స్వరం చూసి రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే మిగిలిన రెండింటిలో ఒకటి పెట్టడమే లాభం. అలాంటి ప్రశ్నలు రెండు రాసి ఒకటి ఒప్పు, ఒకటి తప్పయినా ఒకటిన్నర మార్కు మిగులుతుంది. నాలుగింటిలో ఒక్కటీ కొట్టేయలేకపోతే మాత్రం దాని మీద టైమ్ తగలేయకుండా ముందుకు వెళ్లిపోండి.

ఇక ఆ లావు పుస్తకం సంగతి. దాన్ని పారేయక్కర్లేదు, అక్షర క్రమం మాత్రం వదిలేయండి. నోట్సులో ఒక్కో వేరుకు ఒక్కో పేజీ ఇచ్చి, కుటుంబంలోని మాటలన్నీ అక్కడే రాసి, పక్కన ప్లస్సో మైనస్సో పెట్టండి. పేజీ అడుగున ఆ కుటుంబంలా కనిపిస్తూ మోసం చేసే మాట ఒక్కటి ఎర్ర సిరాతో రాయండి. 'మాల్' పేజీ అడుగున మాలియబుల్ ఉండాలి. పరీక్ష ముందు రోజు ఆ ఎర్ర సిరా వరసలు తిరగేస్తే చాలు.